ఆఫర్ లెటర్‌లో జీతం ఒక్కటే చూడకు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, డాలస్‌లో ఉద్యోగం, వయసు 25. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే స్టెమ్ ఓపీటీ మీద ఉన్నాను. చేరి 20 నెలలైంది, జీతం 82 వేల డాలర్లు. ఇంకో కంపెనీ 88 వేలు ఇస్తానంటోంది. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోను 40 లక్షలుంది. రిటైర్మెంట్, ఇన్సూరెన్స్ సంగతి లోను తీరాక చూసుకుంటే చాలు కదా?

జవాబు: నేనూ అలాగే అనుకున్నాను. 2006 జులైలో ఇదే టెక్సాస్‌లో 60 వేల జీతానికి చేరాను. మొదటి రోజే హెచ్ఆర్ వాళ్లు 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా కాగితాలు చేతిలో పెట్టారు. మూడేళ్లలో ఇండియా వెళ్లిపోయేవాడికి ముసలితనం డబ్బులెందుకని వాటిని సొరుగులో పడేశాను. జీతంలో 6 శాతం నేను దాచుకుంటే కంపెనీ అందులో సగం కలుపుతుందని ఏడాది తర్వాత గానీ చదవలేదు. ఆ చదవకపోవడం ఖరీదు 1,800 డాలర్లు.

2007 జులైలో మొదలుపెట్టి 22 నెలలు కట్టాను. నావి 6,600, కంపెనీవి 3,300. ఈలోపు 2009 మేలో ఇంకో కంపెనీ నాలుగు వేలు ఎక్కువ ఇస్తామనేసరికి ఎగిరి గంతేశాను. మా ప్లాన్‌లో వెస్టింగ్ మూడేళ్లు. అంటే మూడేళ్లు నిండేదాకా కంపెనీ కలిపిన డబ్బు నాది కాదు. నాకు నిండింది 2 సంవత్సరాల 10 నెలలే. రెండు నెలలు ఓపిక పడితే వచ్చే 3,300 మొత్తం పోయింది.

అక్కడితో ఆగానా? నా 6,600 కొత్త ఖాతాకి రోలోవర్ చేయకుండా, ఊళ్లో స్థలం అడ్వాన్సుకని తీసేసుకున్నాను. వాళ్లు 20 శాతం ట్యాక్స్ పట్టుకుని 5,280కి చెక్కు పంపారు. అంతేలే అనుకున్నాను. మరుసటి ఏప్రిల్‌లో అసలు లెక్క తేలింది. నా స్లాబ్ 25 శాతం, 59న్నర ఏళ్లలోపు తీసినందుకు జరిమానా ఇంకో 10 శాతం. మళ్లీ 990 కట్టాక నా డబ్బులో నాకు మిగిలింది 4,290. ఇప్పుడు నేను చేసే పొదుపు చూసి మా పిల్లలు పిసినారి అంటారు, అననీ.

ఇక నీ సంగతి. మీ కంపెనీ 4 శాతానికి 4 శాతం కలుపుతోందనుకో. నెలకు 273 డాలర్ల చొప్పున 20 నెలలకు దాదాపు 5,460. వెస్టింగ్ రెండేళ్లయితే ఇవాళ రాజీనామా చేస్తే అదంతా వదులుకుంటున్నట్టే. నాలుగు నెలల్లో కొత్త జీతం వల్ల నీకు అదనంగా వచ్చేది రెండు వేలు, అదీ ట్యాక్స్ కట్టకముందు. కాబట్టి ముందు ప్లాన్ పుస్తకంలో నీ వెస్టింగ్ తేదీ చూడు. కొన్నిచోట్ల మొదటి రోజు నుంచే మొత్తం నీదవుతుంది, కొన్నిచోట్ల ఏటా కొంత చొప్పున కలుస్తుంది. తేదీ దగ్గర్లోనే ఉంటే చేరే రోజు వెనక్కి జరపమను. కుదరదంటే పోయే మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌గా అడుగు. జీతం పెంచడానికి నసిగేవాళ్లు కూడా ఇలా ఒక్కసారి ఇచ్చేదానికి ఒప్పుకుంటుంటారు. మాకు ఇలా అడగొచ్చని చెప్పేవాళ్లు కూడా లేరు.

ఇండియా వెళ్లిపోతానంటావా, అప్పుడు ఇది ఇంకా ముఖ్యం. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కి 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని కావాలి. ఓపీటీలో సాధారణంగా సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టవు కనుక ఆ నెలలు లెక్కలోకి రావు. రెండు దేశాల్లో చేసిన పనిని కలిపి లెక్కించే ఒప్పందం కూడా ఇండియాతో లేదు. 401కె మాత్రం నువ్వు వెళ్లినా ఇక్కడే ఉంటుంది.

ఇన్సూరెన్స్ దగ్గర నా తప్పు వేరు. కంపెనీ ఉచితంగా ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ చాలనుకున్నాను. తర్వాత లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన రోజు అదీ పోయింది. ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి ఇప్పటి హెచ్1బీ వాళ్లకున్న 60 రోజుల గడువు 2017లో వచ్చింది, మాకు అదీ లేదు. వీసా టెన్షన్‌లో పడి, నాకేమైనా అయితే నాన్న అప్పు ఎవరు తీరుస్తారన్న ఆలోచనే రాలేదు. తీరా 34వ ఏట సొంతంగా టర్మ్ పాలసీకి వెళ్తే రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. వాళ్లు అడిగిన ప్రీమియం విని మా ఆవిడ నోరెళ్లబెట్టింది.

నీకు షుగర్ లేనప్పుడే, ఉద్యోగం మారకముందే, కనీసం ఆ 40 లక్షలకు సరిపడా టర్మ్ పాలసీ నీ పేరు మీద తీసుకో. నామినీగా నాన్నను పెట్టు. ఇక్కడ కొన్ని కంపెనీలు వీసా మీదున్నవాళ్లకు ఇవ్వవు, అలాంటప్పుడు ఇండియాలో ఎన్నారైలకిచ్చేది చూడు. కొత్త ఆఫీసులో హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో ఆఫర్‌కి ఒప్పుకునేముందే మెయిల్‌లో రాయించుకో. కొన్నిచోట్ల 30 రోజులు దాటాకే ఇస్తారు.