రెప్లికేషన్ ఫోర్క్ బొమ్మను చదవడం

డీఎన్ఏ జంట పోగులు విడిపోయి నకలు తయారయ్యే చోటే రెప్లికేషన్ ఫోర్క్. దాని బొమ్మలో ఒక కొత్త పోగు ఏకంగా, రెండోది ముక్కలుగా ఎందుకు ఉంటుంది?

కొత్త పోగును కట్టే ఎంజైమ్ డీఎన్ఏ పాలిమరేజ్, కొత్త న్యూక్లియోటైడ్‌ను పోగు 3′ కొసకే చేర్చగలదు. చిక్కంతా అక్కడే ఉంది. హెలికేజ్ జంట పోగులను కుడివైపుకు విప్పుతోందనుకోండి. ఏ కొత్త పోగు 3′ కొస కుడివైపు, అంటే ఫోర్క్ వైపు ఉందో చూడండి. అదే లీడింగ్ స్ట్రాండ్. పాలిమరేజ్ హెలికేజ్ వెనకే ఆగకుండా సాగుతుంది.

రెండో పోగు దిశ దీనికి ఎదురు. అక్కడ పాలిమరేజ్ ఫోర్క్ నుంచి దూరంగా నడవాలి. అందుకే మరికొంత మేర విచ్చుకున్న ప్రతిసారీ ఫోర్క్ దగ్గర ఆర్ఎన్ఏ ప్రైమర్ అనే కొత్త ఆరంభపు తునకతో మళ్లీ మొదలుపెడుతుంది. ఇలా ఏర్పడేవే ఈ రెండో పోగు, అంటే లాగింగ్ స్ట్రాండ్‌లోని ఒకజాకి ముక్కలు. బాక్టీరియాలో ఒక్కొక్కటి సుమారు 1000–2000 న్యూక్లియోటైడ్ల పొడవు. చాలామంది తడబడేది ఒక్కచోటే: ఫోర్క్‌కు అతి దగ్గరి ముక్కే అన్నిటికన్నా కొత్తది. ప్రైమర్లు తొలగి, ఆ ఖాళీలు డీఎన్ఏతో నిండాక లైగేజ్ ముక్కలను అతుకుతుంది.