తెల్ల కొన ఉంటే బల్లి, లేకుంటే ఎలుక

సందేహం: మినప విత్తనం, వడ్ల బస్తాలు పెట్టిన గదిలో రోజూ నల్లటి గింజల్లాంటివి పడుతున్నాయి. మా అత్త బల్లి రెట్ట అంటోంది, మా ఆయన ఎలుక అంటున్నారు. గది మూలన నేల మీద ఎలుకల మందు కేకు పెట్టాం, పది రోజులైనా ముట్టలేదు. గోడ వారన, బస్తాల మీద తీసిన ఫొటోలు పంపాను. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

సలహా: మీ అత్తగారు చెప్పిందీ నిజమే, మీ వారు చెప్పిందీ నిజమేనమ్మా. మీ గదిలో రెండూ ఉన్నాయి.

ట్యూబ్‌లైట్ కింద గోడ వారన తీసిన ఫొటో చూడండి. ఒక్కోదానికి ఒక కొనన సున్నం చుక్కలా తెల్లగా ఉంది. బల్లి మనలా నీళ్లుగా మూత్రం పోయదు. ఆ వ్యర్థం తెల్లని ముద్దగా మారి రెట్టతోపాటే బయటకొస్తుంది. ఎలుక మూత్రం వేరేగా పోస్తుంది కాబట్టి దాని పెంటికకు తెల్ల కొన రాదు. పాతబడితే ఆ తెలుపు రాలిపోవచ్చు. అప్పుడు పుల్లతో నలిపి చూడండి, చేత్తో వద్దు. బల్లిదైతే పొడిపొడి అయి పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తాయి. గబ్బిలానిదీ అలాగే నలుగుతుంది గానీ దానికి తెలుపుండదు, పైగా ఒకేచోట కుప్పగా పడుతుంది. బల్లి గింజ తినదు, దీపం దగ్గరికొచ్చే పురుగులను తింటుంది. బస్తాల మీద పట్టా కప్పి దాన్ని వదిలేయండి.

అసలు దొంగ రెండో ఫొటోలో ఉంది. పక్కన ఒక వడ్ల గింజ పెట్టి తీశారు, చాలా మంచి పని చేశారు. ఇలాంటి కొలత లేని ఫొటో చూసి ఒకసారి పొందూరు వైపు రైతుకు నేను చిట్టెలుక అని చెప్పేశాను. ఆయన చిన్న బోనులు నేల మీద నెలరోజులు పెట్టినా ఒక్కటీ పడలేదు. అది పెద్ద ఎలుక, తిరిగేదంతా దూలాల మీద!

మీ ఫొటోలోని పెంటిక గింజకు ఒకటిన్నర రెట్లు ఉంది, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు. కొంచెం వంకరగా, రెండు కొనలూ సన్నగా ఉన్నాయి. ఇది ఇంటికప్పు మీద తిరిగే ఎలుక. చిట్టెలుకదైతే 3 నుంచి 6 మిల్లీమీటర్లే, బియ్యపు గింజంత. రోజుకు యాభైకి పైగా వేస్తుంది కాబట్టి ఎక్కడ చూసినా చల్లినట్టు కనబడతాయి. పందికొక్కుదైతే కొనలు మొద్దుగా, ఇంకా లావుగా ఉండి, నేలలో కలుగు పక్కన మట్టి కుప్ప కూడా కనబడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎలుక పిల్లల పెంటికలు కూడా చిన్నవే. అన్నీ ఒకే చిన్న సైజులో ఉంటే చిట్టెలుక. మీ ఫొటోలోలా పెద్దవాటి మధ్య చిన్నవి కలిసి ఉంటే, ఎలుక మీ ఇంట్లోనే పిల్లలు పెట్టి ఉండొచ్చు.

పెంటికలు బస్తాల పైనే ఉన్నాయి, నేల మీద లేవు. అంటే అది దూలం మీంచి దిగి, తిని, మళ్లీ పైకే పోతోంది. కేకు పెట్టింది నేల మూలన. దానికితోడు ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, కొన్నాళ్లు దగ్గరకు రాదు. ఆ కేకు తీసేయండి. తిన్నా వెంటనే చావదు, నాలుగైదు రోజులకు కప్పులో ఎక్కడో చచ్చి కంపు కొడుతుంది. జింక్ ఫాస్ఫైడ్ మాత్రం ఇంట్లో అసలు వాడొద్దు, అది పొలం గట్ల మీద కలుగులకే.

ముందు బస్తాల మీద అంతా శుభ్రం చేసి, దూలం మీదా గోడ పైనా ముగ్గు పిండి పలచగా చల్లండి. పొద్దున్నే అడుగుజాడలు, నల్లగా మెరిసే తాజా పెంటికలు ఎక్కడున్నాయో చూడండి. బూడిద రంగుకు తిరిగి ఎండిపోయినవి పాతవి. తాజా జాడలున్న చోటే రెండు మూడు పెద్ద బోనులు దూలానికి కట్టి, ఎండు చేపో వేయించిన వేరుశనగో పెట్టి, మూడు రాత్రులు తలుపు మూసుకోకుండా కట్టేసి ఉంచండి. తిండి మాయమవుతుంటే నాలుగో రాత్రి బోను బిగించండి. చిట్టెలుకైతే ఈ ఓపిక అక్కర్లేదు. కొత్తదేదైనా వెళ్లి చూస్తుంది, గోడ వెంట రెండేసి మీటర్లకు ఒకటి పెడితే మొదటి రాత్రే పడుతుంది.

శుభ్రం చేసేటప్పుడు పొడిగా ఊడవకండి. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లు చల్లి పది నిమిషాలు నాననిచ్చి తుడవండి. ఎలుక మూత్రం పుండ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ జ్వరం వచ్చే ప్రమాదం ఉంది, కాళ్లకు పగుళ్లుంటే చెప్పులు వేసుకోండి.

బోనులో పడటం ఆగి, వారం రోజులు కొత్త పెంటిక కనబడకపోతే, అప్పుడు కప్పు కింద సందులు మూయండి. బొటనవేలు లావు సందు ఎలుకకు, పెన్సిల్ లావు సందు చిట్టెలుకకు చాలు. ముందే మూస్తే లోపలున్నవి లోపలే ఉండిపోతాయి.