పికప్ డ్రైవర్ వెనక వీధిలోకే ఎందుకు పోతున్నాడు?

‘మాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందు. ఇంట్లోనే జాకెట్లు, లంగాలు కుట్టి బైక్ పార్సిల్ యాప్‌లో పంపుతుంటాను. యాప్‌లో “మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వచ్చి కొంచెం ముందుకొస్తే గుడి ఎదురుగా ఇల్లు, దొరక్కపోతే ఫోన్ చెయ్యండి” అని రాశాను. అయినా ప్రతివాళ్లూ మా వెనక వీధిలో ఆగి ఫోన్ చేస్తారు. నేను మిషన్ ఆపేసి రోడ్డు మీదకు పరిగెత్తాలి. ఏం రాస్తే నేరుగా గేటు దగ్గరికి వస్తారు?’
– ఒక పాఠకురాలు, విజయనగరం

మీరు రాసిన నోట్‌ను తర్వాత చూద్దాం. అందరూ అదే తప్పు చోట ఆగుతున్నారంటే ముందు అనుమానించాల్సింది మ్యాప్‌లో మీరు పెట్టిన పిన్‌ని. మనం పిన్‌ను అలవాటుగా ఇంటి కప్పు మీద పెడతాం. యాప్ దారి లెక్క వేసేటప్పుడు ఆ పిన్‌కు దగ్గరగా, తనకు తెలిసిన రోడ్డు ఏదో వెతుక్కుని డ్రైవర్‌ను అక్కడ దింపుతుంది. మీ గేటు సందులో ఉన్నా, ఆ సందు మ్యాప్‌లో లేకపోతే, లేదా వెనక గోడ అవతలి వీధి రెండడుగులు దగ్గరైతే యాప్ వెనక వీధినే ఎంచుకుంటుంది. మధ్యలో గోడ ఉందని దానికి తెలియదు.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో మూడు లాంతర్ల జంక్షన్ నుంచి మీ పిన్‌కు టూవీలర్ దారి అడగండి. నీలం గీత ఎక్కడ ఆగిందో వేళ్లతో పెద్దది చేసి చూడండి. గీత వెనక వీధిలో ఆగి, అక్కడి నుంచి మీ ఇంటికి చుక్కల గీత పోతుంటే కారణం దొరికినట్టే. అప్పుడు పిన్‌ను ఇంటి మీంచి తీసి గేటు ముందుకు జరపండి. మ్యాప్‌లో సందే లేకపోతే సందు మొదట్లో, మెయిన్ రోడ్డు అంచున పెట్టండి. మళ్లీ దారి అడిగి, గీత మీరు కోరిన చోట ఆగేదాకా జరుపుతూ ఉండండి. పార్సిల్ యాప్‌లో సేవ్ చేసుకున్న పాత అడ్రస్‌ను కూడా తీసేసి కొత్త పిన్‌తో మళ్లీ సేవ్ చెయ్యాలి. చాలామంది ఈ పని మర్చిపోతారు. తర్వాతి బుకింగ్‌లో పాత పిన్నే వచ్చి కూర్చుంటుంది.

పిన్ కోసం ఫోన్ లొకేషన్ వాడేట్టయితే మిషన్ దగ్గర కూర్చుని నొక్కకండి. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ 5 మీటర్ల అటూ ఇటూగా చెప్పగలదు. స్లాబు కింద, ఇరుకు సందుల్లో అది బాగా పెరుగుతుంది. మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉంటే ఫోన్‌కు ఇంకా తేలలేదని అర్థం. గేటు బయట కాసేపు నిలబడితే వలయం చిన్నదవుతుంది. వాట్సాప్‌లో లొకేషన్ పంపేముందు కూడా ఎన్ని మీటర్ల వరకు కచ్చితమో రాసి ఉంటుంది, ఆ అంకె చూసి పంపండి. లైవ్ లొకేషన్ మాత్రం ఇక్కడ అక్కర్లేదు. మీరు కదలడం లేదు కదా.

ఇక నోట్. దాన్ని చదివే మనిషి బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో, ఎండలో, ఒక్క చూపులో చదవాలి. చాలాసార్లు మొదటి లైనే పైకి కనిపిస్తుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకని మలుపు మొదటి లైన్‌లో ఉండాలి. మీ నోట్‌లో ఆ చోట ‘మెయిన్ రోడ్డు మీంచి లోపలికి’ అని ఉంది. ఏ వైపు నుంచి లోపలికి? ‘కొంచెం ముందుకు’ అంటే మీకు నాలుగు గడపలు, బండి మీదున్నవాడికి అర కిలోమీటరు. ‘గుడి ఎదురుగా’ అంటే గుడి ద్వారానికి ఎదురుగానా, గుడి ప్రహరీకి ఎదురుగానా? ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ అనుమానాలు రావు. నిన్న వేరే ఊరి నుంచి వచ్చి ఇక్కడ బండి తోలుతున్న కుర్రాడికి అన్నీ వస్తాయి.

మీ సందు నేను చూడలేదు కాబట్టి గుర్తులు ఊహించి రాస్తున్నాను. మీ గుర్తులు పెట్టుకుని ఇలా రాయండి:

మెడికల్ షాపు పక్క సందు. గంటస్తంభం నుంచి వస్తే ఎడమ.
సందులోకి బైక్ వస్తుంది, ఆటో రాదు.
కుడి పక్క మూడో ఇల్లు, నీలం గేటు.
బట్టల సంచి 1, సుమారు 2 కిలోలు. గేటు దగ్గరే ఇస్తాం.

ఎడమ, కుడి అన్నప్పుడల్లా ఎటు నుంచి వస్తే ఎడమో చెప్పాలి. లేకపోతే ఆ మాట సగం మందిని తప్పు దారి పట్టిస్తుంది. డ్రైవర్ రెండో వైపు నుంచి వచ్చినా, గంటస్తంభం నుంచి ఎడమ అని ఉంటే తనకు కుడి అని లెక్క వేసుకోగలడు. సందు లోపలికి వచ్చాక వేరే దారి లేదు కాబట్టి ‘కుడి పక్క మూడో ఇల్లు’ అంటే చాలు. గుర్తుగా కదలని వస్తువునే తీసుకోండి. సాయంత్రం పునుగుల బండి ఎంత పేరున్నదైనా పొద్దున పదింటికి అక్కడ ఉండదు. మెడికల్ షాపు కూడా రాత్రి షట్టర్ వేస్తే బోర్డు కనబడదు. మీ పికప్‌లు చీకటి పడ్డాక ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్, నీళ్ల ట్యాంకు, మలుపులో కరెంటు స్తంభం లాంటివి వెతుక్కోండి.

రెండో లైన్ అనవసరం అనిపించొచ్చు. నన్నడిగితే ఎక్కువ ఫోన్లను ఆపేది అదే. ఇరుకు సందు చూడగానే బండి లోపల తిరగదేమోనని చాలామంది మొదట్లోనే ఆగిపోయి ఫోన్ తీస్తారు. నాలుగో లైన్‌లో సంచి సైజు చెబితే అతను బండి మీద చోటు చూసుకుంటాడు. పికప్ ఓటీపీ వస్తే దాన్ని నోట్‌లో రాయకండి, సంచి చేతికిచ్చేటప్పుడు నోటితో చెప్పండి. ఫోన్ నంబరుకు యాప్‌లో విడిగా గడి ఉంటుంది. సంచి ఇచ్చేది మీ అత్తగారైతే ఆవిడ నంబరు అందులో పెట్టండి.

రాశాక మీ ఇల్లు ఎప్పుడూ చూడని మనిషిని, ఫోన్ కలపకుండా, ఆ నాలుగు లైన్లతోనే మెయిన్ రోడ్డు నుంచి రమ్మనండి. ఎక్కడ ఆగి దిక్కులు చూస్తారో ఆ లైన్ మార్చాలి.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి ఫోన్ వస్తుంది. అప్పుడు ‘ఎక్కడున్నావు బాబూ?’ అనకండి, అది తెలిస్తే ఫోన్ చెయ్యడు. ‘నీకు ఎదురుగా ఏ బోర్డు కనిపిస్తోంది, ఎటేపు నుంచి వచ్చావు?’ అని అడగండి. ఆ రెండూ తెలిస్తే అక్కడి నుంచి ఒక్కో మలుపూ చెప్పొచ్చు.

ఒక్క రోజు మాత్రం ఈ నోట్ పనికిరాదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను గుడికీ కోటకీ మధ్య తిరిగేటప్పుడు ఆ చుట్టుపక్కల బండ్లను ఆపేస్తారు. ఆ రోజు పికప్ పెట్టకుండా ముందు రోజే పంపేయండి.