p = 0.003 అని ఉంటే మార్పు పెద్దదని అర్థమా?

ప్రశ్న: తిరుపతిలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. సెమినార్‌కి ఇచ్చిన పేపర్‌లో 8000 ఇళ్ళ సర్వే ఉంది, సగం ఇళ్ళ ఆడవాళ్ళు పొదుపు సంఘంలో ఉన్నారు, సగం లేరు. సంఘం ఇళ్ళలో మగవాళ్ళు రోజుకి 4 నిమిషాలు ఎక్కువ ఇంటిపని చేస్తున్నారట, p = 0.003. అంటే సంఘాల వల్ల పెద్ద మార్పు వచ్చిందని 99.7 శాతం ఖాయమనేనా?

జవాబు:

కాదండీ. ఆ 0.003 ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చేత్తో చేసినట్టు ఊహించుకుంటే ఎందుకు కాదో తెలుస్తుంది.

8000 ఇళ్ళకీ ఒక్కో చీటీ తీసుకుని, ఆ ఇంటి మగమనిషి రోజుకి ఎన్ని నిమిషాలు ఇంటిపని చేస్తాడో రాయండి. సంఘం ఇల్లా కాదా అన్నది రాయొద్దు. చీటీలన్నీ గంపలో పోసి బాగా కలిపి, చూడకుండా 4000 చొప్పున రెండు కుప్పలు చేయండి. రెండు కుప్పల సగటు సరిగ్గా ఒకటే రాదు, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మళ్ళీ కలిపి మళ్ళీ పంచండి. ఇలా వెయ్యిసార్లు చేస్తే 4 నిమిషాలో అంతకన్నా ఎక్కువో తేడా వచ్చేది సుమారు మూడుసార్లు. అదే మీ 0.003.

గమనించారా, ఈ పనంతా సంఘానికీ ఇంటిపనికీ సంబంధం లేదని ముందే అనుకుని చేశాం. అలా అనుకుని తేల్చిన అంకె, ఆ అనుకున్నది నిజమో కాదో ఎన్ని శాతమో ఎలా చెబుతుంది? మన ఊరి సంగతే తీసుకోండి. తిరుమల వెళ్ళొచ్చినవాళ్ళలో గుండు చేయించుకున్నవాళ్ళు ఎంతమంది అన్నది ఒక ప్రశ్న. తిరుపతి బస్టాండులో గుండుతో కనబడేవాళ్ళలో తిరుమల వెళ్ళొచ్చినవాళ్ళు ఎంతమంది అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి దాదాపు అందరూ అని చెప్పొచ్చు, మొదటిదానికి ఆ మాట చెల్లదు. 99.7 శాతం ఖాయం అన్నప్పుడు మనం ఒక ప్రశ్న జవాబు తెచ్చి ఇంకో ప్రశ్నకి పెడుతున్నాం.

"సంఘాల వల్ల" అన్న మాట కూడా ఆ అంకెలో లేదు. భార్యని మీటింగుకి పోనిచ్చే భర్త మొదటి నుంచీ ఇంట్లో చెయ్యి వేసేవాడే అయ్యుండొచ్చు. సంఘంలో చేరకముందు ఆ ఇళ్ళు ఎలా ఉండేవో పేపర్‌లో చూడాలి.

ఇప్పుడు "పెద్ద మార్పు" సంగతి. పేపర్‌లో మొదటి టేబుల్‌లో స్టాండర్డ్ డీవియేషన్ ఉంటుంది, అంటే ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ ఈ నిమిషాలు ఎంత చెదిరి ఉన్నాయన్నది. మీరు రాయలేదు కాబట్టి 60 నిమిషాలు అనుకుందాం. అప్పుడు తేడాకి ఉండే స్టాండర్డ్ ఎర్రర్, అంటే వేరే ఇళ్ళని అడిగి ఉంటే ఆ తేడా మామూలుగా ఎంత అటూ ఇటూ అయ్యేదన్నది, ఇలా వస్తుంది:

```
60 × √(1/4000 + 1/4000) = 1.34
4 / 1.34 = 2.98   →   p ≈ 0.003
```

మీ పేపర్ అంకె వచ్చేసింది. ఇప్పుడు 4000 తీసేసి 100 పెట్టండి. మగవాళ్ళు వాళ్ళే, అదే 4 నిమిషాలు, అదే 60. స్టాండర్డ్ ఎర్రర్ 8.5 అవుతుంది, p సుమారు 0.64. మార్పు రవ్వంత కూడా తగ్గలేదు, తగ్గింది మనం అడిగిన ఇళ్ళ సంఖ్య. చిన్న p వెనక పెద్ద తేడా ఉండొచ్చు, పెద్ద సర్వే ఉండొచ్చు. ఏది ఉందో p ఒక్కటే చూసి చెప్పలేం. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఇచ్చిన ప్రకటనలో కూడా ఈ మాట స్పష్టంగా ఉంది: పి-వాల్యూ ప్రభావం ఎంత పెద్దదో, ఎంత ముఖ్యమో కొలవదు. p అంతకన్నా తక్కువైతేనే లెక్కలోకి తీసుకోవాలని అందరూ గీత గీసే 0.05 కూడా సమాజాన్ని చూసి పెట్టింది కాదు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1925లో తన పుస్తకంలో, ఇరవైలో ఒకటి అనేది వాడుకోవడానికి అనుకూలంగా ఉంటుందని తీసుకున్న హద్దు అది.

దీనికి రెండో వైపు నాకు అనుభవం మీద తెలిసింది. నా డిసర్టేషన్ కోసం పూతలపట్టు వైపు 50 ఇళ్ళు తిరిగాను, సంఘం ఇళ్ళు 25, కానివి 25. సంఘం ఇళ్ళలో మగవాళ్ళు సగటున 30 నిమిషాలు ఎక్కువ చేస్తున్నారు. p = 0.08 వచ్చింది. 0.05 దాటింది కాబట్టి "తేడా లేదు" అని రాయమన్నారు, రాశాను. ఆ వాక్యం తప్పు. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే ఈ డేటాకి పొసిగే తేడాలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది, వేస్తే మైనస్ 4 నుంచి 64 నిమిషాల దాకా ఉంది. అంటే అసలు తేడా లేకపోయినా ఉండొచ్చు, గంట ఉన్నా ఉండొచ్చు, 50 ఇళ్ళతో తేల్చలేకపోయాను. తేడా లేదని చెప్పడం వేరు, తేల్చలేకపోవడం వేరు. అన్ని ఇళ్ళలో వాకిట్లో కూర్చుని మాట్లాడిన తర్వాత ఆ మాట రాసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ పేపర్‌కి అదే ఇంటర్వల్ 1.4 నుంచి 6.6 నిమిషాలు. ఇది చాలా ఇరుకు, అంటే బాగా కచ్చితంగా కొలిచిన చిన్న తేడా. ఎంత చిన్నదో తెలియాలంటే పక్కన పెట్టి చూసే కొలత ఒకటి కావాలి. దేశమంతా చేసిన 2019 టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళ వరకే తీసుకున్నా, ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేస్తున్నట్టు తేలింది. 202 నిమిషాల తేడా ముందు 4 నిమిషాలు అంటే, ఆవిడ పొద్దున వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేంత సేపు కూడా కాదు.

అలాగని ఇక్కడితో కొట్టిపారేయొద్దు. సోషియాలజీ చదివేవాళ్ళు ఆగి చూడాల్సింది ఇక్కడే. 4 అనేది సగటు. ప్రతి మగాడూ తాగిన గ్లాసు కడిగి, పరుపు మడత పెట్టినా 4 వస్తుంది. పదిహేను ఇళ్ళలో పద్నాలుగు ఇళ్ళు ఉన్నట్టే ఉండి, ఒక్క ఇంట్లో మగమనిషి గంటసేపు పని ఎత్తుకున్నా సగటు 4 నిమిషాలే. మొదటిదాంట్లో ఆడవాళ్ళ రోజు ఏమీ మారలేదు. రెండోదాంట్లో ఒక ఇల్లు మారింది. నేను తిరిగిన ఊళ్ళో ఒక ఆయమ్మ ఇలా చెప్పింది: "పిల్లోళ్ళకి నీళ్ళు పోసి బడికి పంపేది ఇప్పుడు మా ఆయనే. ఆ గంటలో నేను పాలు పితికి సొసైటీలో పోసొస్తా. పాల డబ్బు నా చేతికొస్తుంది." ఆ గంట వల్ల ఆమె చేతికి డబ్బు వచ్చింది. పదిహేనింటి మీద సగటు కడితే అది 4 నిమిషాలుగా కరిగిపోతుంది. 0.003 మాత్రం రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు అదే రావచ్చు.

అందుకని సెమినార్‌కి ముందు పేపర్‌లో సగటు వెనక ఉన్న పంపిణీ వెతకండి. ఆ 2019 సర్వేలోనే, అడిగిన రోజున ఇంటిపని ఏదో ఒకటి చేశామన్న మగవాళ్ళు 26 శాతమే, కాబట్టి ఇలాంటి డేటాలో సున్నాలు చాలా ఉంటాయి. సంఘం ఇళ్ళలో సున్నా చెప్పినవాళ్ళు ఎంతమంది, కాని ఇళ్ళలో ఎంతమంది, గంట దాటినవాళ్ళు ఎటువైపు ఎక్కువ అన్నది టేబుల్‌లో ఉంటే మీ సెమినార్ దాని మీదే నడపండి. లేకపోతే మీరు లేవనెత్తాల్సిన మొదటి ప్రశ్న అదే.