కారు ముందా, ఫండ్ ముందా? పెళ్లైన కొడుక్కి కెరీర్ కౌన్సెలర్ అమ్మ జవాబు

"అమ్మా, ఇద్దరం సంపాదిస్తున్నాం. ఎమర్జెన్సీ ఫండ్ అంటే ఎన్ని నెలల జీతం పక్కన పెట్టాలి? మా టీమ్‌లో నాకు తప్ప అందరికీ కార్లున్నాయి. ముందు లోన్ మీద కారు తీసుకుని, ఫండ్ సంగతి తర్వాత చూసుకుంటే ఏమవుతుంది?"

నాన్నా,

ఫండ్‌ని జీతంతో కాదు, ఖర్చుతో లెక్కపెట్టు. అదీ మొత్తం ఖర్చుతో కాదు. జీతం ఆగినా ఆగని ఖర్చులు కొన్ని ఉంటాయి. ఇంటద్దె, సరుకులు, కరెంటు బిల్లు, మందులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఉన్న అప్పుల వాయిదాలు. బయటి తిండి, కొత్త బట్టలు, టూర్లు కావాలంటే ఆ నెల నుంచే మానేయొచ్చు.

మీ ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 100 అనుకుందాం. ఖర్చు 70, మిగులు 30. ఆ 70లో ఆగని ఖర్చు 45. ఆరు నెలలకు 270 కావాలి. మిగులంతా అందులోనే వేస్తే తొమ్మిది నెలల్లో ఫండ్ నిండుతుంది.

ఇప్పుడు కారు కొన్నావనుకో. వాయిదా 18, పెట్రోలు, సర్వీసింగ్ కలిపి 5, ఇన్సూరెన్స్ నెలకు వేసుకుంటే 2. నీ మిగులు 30 నుంచి 5కి పడిపోయింది. అంతటితో అయిపోలేదు. ఉద్యోగం పోతే కారు బయటకు తీయకుండా పెట్రోలు ఆపుకోగలవు గానీ, వాయిదా, ఇన్సూరెన్స్ ఆగవు. అంటే ఆగని ఖర్చు 65 అయింది, ఆరు నెలలకు 390 కావాలి. నెలకు 5 చొప్పున వేస్తూ పోతే 78 నెలలు, ఆరున్నరేళ్లు! ఫండ్‌లో వేసే డబ్బు తగ్గుతుందని నువ్వు ఊహించే ఉంటావు. కావలసిన ఫండే పెరుగుతుందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు.

ఆరు నెలలే ఎందుకంటావా? మీ ఇద్దరిదీ ఒకే రంగం. ఆ రంగంలో మాంద్యం వస్తే ఇద్దరికీ ఒకేసారి దెబ్బ తగలొచ్చు, అందుకే రెండు జీతాలున్నాయన్న ధైర్యాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అమ్మాయి వేరే రంగంలో ఉండి ఉంటే ఇంత పట్టుబట్టేదాన్ని కాదు. పైగా దరఖాస్తు, ఇంటర్వ్యూలు, ఆఫర్ లెటర్, చేరాక మొదటి జీతం, ఇవన్నీ దాటేసరికి నెలలు ఇట్టే గడిచిపోతాయి. అనుభవం పెరిగేకొద్దీ తగిన పోస్టులు తక్కువగా ఉంటాయి కాబట్టి ఇంకా ఆలస్యం.

నా దగ్గరికి ఉద్యోగం పోయి వచ్చేవాళ్లను ముందుగా అడిగేది రెజ్యూమె కాదు, ఎన్ని నెలలు ఆగగలరని. ఐదో తారీఖున వాయిదా కట్టాల్సిన ఒకబ్బాయి, ఇంకో కంపెనీలో చివరి రౌండ్ మిగిలి ఉండగానే, పాత జీతం కన్నా తక్కువకు వచ్చిన మొదటి ఆఫర్‌కు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిచోటా ఆ తగ్గిన జీతం మీదనే బేరం మొదలైంది. మీ టీమ్‌వాళ్ల కార్లు పార్కింగ్‌లో కనిపిస్తాయి, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు కనిపించవు కదా.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ కాదు. ఒక నెల ఖర్చు విడి సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎప్పుడైనా రద్దు చేసుకోగలిగే డిపాజిట్లలో చిన్నచిన్న ముక్కలుగా. షేర్లలో వద్దు, ఉద్యోగాలు పోయే రోజుల్లోనే చాలాసార్లు అవీ పడతాయి. క్రెడిట్ కార్డు లిమిట్‌ని ఫండ్ అనుకోకు, అది అప్పే. ఇంకోమాట, ఆ ఖాతా ఇద్దరి పేరు మీదా ఉండాలి, ఎవరు ఒక్కరైనా డబ్బు తీయగలగాలి. నువ్వే ఆసుపత్రిలో ఉంటే, నీ ఫోన్‌కు వచ్చే ఓటీపీ కోసం ఆ పిల్ల వెతుక్కోకూడదు.

ఫండ్ ఎక్కువగా కరిగిపోయేది పెద్ద ఆపదలకు కాదు, ముందే తెలిసిన ఖర్చులకే. ఏడాదికోసారి కట్టే ప్రీమియం, బంధువుల పెళ్లికి వెళ్లే ఖర్చు అనుకోకుండా వచ్చేవి కావు. వాటిని పన్నెండుతో భాగించి నెల ఖర్చులోనే కలుపు.

కారు వద్దనడం లేదురా. తొమ్మిది నెలలు ఫండ్ నింపండి. ఆ తర్వాత అదే 30ని డౌన్ పేమెంట్ వైపు మళ్లించండి. వాయిదా 18 నుంచి 10కి దిగితే ఆగని ఖర్చు 57 దగ్గర ఆగుతుంది, ఫండ్ 342కి పెంచుకుంటే చాలు.

ఇందులో 45 అన్నది నా ఊహే. అసలు అంకె మీ ఇద్దరికే తెలియాలి. ఆగని ఖర్చుల జాబితా ముందు ఎవరికి వాళ్లు విడిగా రాయండి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి జాబితాలో ఉండి రెండోవాళ్ల దాంట్లో లేనివి ఏమిటో ఆదివారం ఫోన్‌లో చెప్పు.

అమ్మ