డోసు పెంచకపోయినా మగత ఎందుకు పెరుగుతోంది?

"నాన్నకి లివర్ సిర్రోసిస్. నిద్రకి రోజూ డయాజెపామ్ 5 మి.గ్రా. ఇస్తున్నాం. నాలుగో రోజుకి పగలంతా మగతే. డోసైతే పెంచలేదు!"

మీరు పెంచకపోయినా ఒంట్లో పేరుకుంటుందండి. ఈ మందుని విరిచేది లివరే. ఆరోగ్యవంతుడిలో అది సగానికి తగ్గడానికి రెండు రోజులు పడుతుందనుకోండి. మర్నాటి రాత్రికి 5లో మూడున్నర మిగిలే ఉంటుంది, దానిమీద ఇంకో 5. సిర్రోసిస్‌లో ఆ సమయం దాదాపు రెట్టింపు, అంటే 4కి పైనే మిగులుతుంది. వారాల తరబడి వాడితే 17 దగ్గర ఆగాల్సింది 30 దాకా పోతుంది. పైగా విరిగాక వచ్చే పదార్థం కూడా మత్తిచ్చేదే! కిడ్నీ పాడైనవాళ్లలో మిడజోలామ్ అనే ఇలాంటి మత్తుమందుతోనూ ఇదే చిక్కు: లివర్ విరిచినా, ఆ ముక్క మూత్రంలో పోక నిలిచిపోతుంది.

ఇవాళ్టి మాత్ర వేసేముందే డాక్టర్‌తో మాట్లాడండి. లేపితే లేవకపోయినా, మాట తికమకైనా, చేతులు చాపితే రెక్కల్లా కొట్టుకున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.