కాంట్రాక్టర్ మారినప్పుడు మీ సర్వీసు ఏమవుతుంది?

ప్రశ్న: కర్నూలు దగ్గర ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద నెలకు 18,000 ఇస్తామంటున్నారు. ఇంకోచోట పర్మనెంట్, కానీ 15,000 (బేసిక్ 13,000). మా చెల్లెలికి వారానికి మూడు రోజుల పార్ట్ టైమ్ దొరికింది. పదేళ్లకు ఏది మేలన్నా?

జవాబు: తమ్ముడూ, ముందు పర్మనెంట్ ఇచ్చేవాళ్లను ఏటా ఇంక్రిమెంట్ ఎంతో అడుగు. ఏడాదికి వెయ్యి పెరిగినా నాలుగో ఏటికి 18,000 అవుతుంది. కాంట్రాక్ట్ జీతం అక్కడే ఉండిపోతే, మొదటి మూడేళ్లలో తగ్గిన 72,000 ఏడో ఏడు ముగిసేసరికి తిరిగొస్తుంది. పైన ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ ఉంది: 13,000 బేసిక్ మీదే లెక్కేసినా ఏడాదికి 7,500, ఐదేళ్లు నిండితే 37,500. ఇంక్రిమెంటే లేదంటే మాత్రం ఆ పర్మనెంట్ పేరుకే.

కాంట్రాక్ట్‌లో చిక్కంతా కాంట్రాక్టర్ మారినప్పుడు వస్తుంది. నువ్వు అదే గేటులో, అదే మిషన్ దగ్గర ఉంటావు, కాగితాల మీద మాత్రం కొత్త యజమాని కింద కొత్తగా చేరినట్టు లెక్క. దాంతో గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండవు. పీఎఫ్‌లో కొత్త మెంబర్ ఐడీ తెరుస్తారు. అప్పుడు చాలామంది పాత పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటారు. ఆ పని చేయొద్దు. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఒకరి దగ్గర నాలుగేళ్లు, ఇద్దరి దగ్గర మూడేసి ఏళ్లు చేసినా, యూఏఎన్ అనే ఒకే పీఎఫ్ నంబరు కింద ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పదేళ్లూ కలుస్తాయి. 15,000 జీతం మీద 58 ఏళ్లకు నెలకు సుమారు 2,140 వస్తుంది. చిన్న మొత్తమే, కానీ డబ్బు తీసేసిన ఏళ్లు మళ్లీ లెక్కలోకి రావు.

కాబట్టి మారిన ప్రతిసారీ పాత యూఏఎన్ నంబరే ఇవ్వు. పాత కాంట్రాక్టర్ ఎగ్జిట్ తేదీ వేశాడా చూడు. వేయకపోతే చివరిసారి పీఎఫ్ జమైన రెండు నెలల తర్వాత పీఎఫ్ పోర్టల్‌లో నువ్వే వేసుకోవచ్చు. 15,000 మీద పీఎఫ్ కడితే నీ జీతంలో కోత 1,800 మాత్రమే ఉండాలి. స్లిప్‌లో 3,600 కోసి ఉంటే యజమాని వాటా కూడా నీ నెత్తిన వేసినట్టే, అది చట్టవిరుద్ధం. ఐటీఐ చదివి ఉంటే నియామక పత్రంలో ‘స్కిల్డ్’ అని రాయించుకో. అన్‌స్కిల్డ్ అని చేరితే అనుభవ పత్రం కూడా అట్లాగే వస్తుంది, తర్వాతి చోట జీతం అక్కడినుంచే మొదలవుతుంది.

కాంట్రాక్టర్ లేకుండా కంపెనీయే నేరుగా గడువు పెట్టి తీసుకుంటే సంగతి వేరు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక చట్టాల్లో అలాంటివాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఉంది.

చెల్లెలి విషయంలో ఈఎస్ఐ రోజులు చూసుకోండి. జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం రావాలంటే ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి అనే ఆరు నెలల గడువులో కనీసం 78 రోజులకు చందా పడాలి. వారానికి మూడు రోజులంటే 26 వారాలకు సరిగ్గా 78. జీతం లేని సెలవు ఒక్కటి పెట్టినా ఆ డబ్బు పోతుంది. నెలలో ఒకటి రెండు రోజులు ఎక్కువ ఇమ్మని చేరేముందే అడగమను.